మోగి ఆగిన ఫోన్‌కు బిల్లెవరు కడతారు?

2019 మే నెల మొదట్లో అమెరికాలోని న్యూయార్క్, అరిజోనా రాష్ట్రాల్లో చాలామందికి రాత్రిళ్లు నిద్ర చెడింది. అర్ధరాత్రి దాటాక ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ ఒక్క రింగు, మళ్లీ నిశ్శబ్దం. తెరమీద చూస్తే నంబరు 222తో మొదలవుతోంది. అమెరికాలో ఏ ఊరి నంబరైనా మూడంకెల ఏరియా కోడ్‌తోనే మొదలవుతుంది కాబట్టి, ఇదీ ఏదో రాష్ట్రంలోని నంబరే అనుకోవడానికి వీలుంది. ఆ వేళప్పుడు అన్నిసార్లు చేశారంటే ఎవరికో ఏదో అయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. 222 నిజానికి పశ్చిమాఫ్రికాలోని మారిటేనియా దేశపు కోడ్. తిరిగి ఫోన్ చేసినవారికి నిమిషాల లెక్కన భారీ చార్జీ పడే ప్రమాదం ఉందని అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ నెలలోనే ప్రజలను హెచ్చరించింది.

ఈ మోసం మన దేశానికీ కొత్తది కాదు. విదేశీ నంబర్ల నుంచి మిస్డ్ కాల్స్ వస్తున్నాయి, తిరిగి చేస్తే బ్యాలెన్స్ ఊడ్చుకుపోతోంది అన్న ఫిర్యాదులు పెరిగేసరికి, 2012లోనే ట్రాయ్ టెలికాం కంపెనీలకు ఒక ఆదేశం ఇచ్చింది. ప్రీపెయిడ్ వినియోగదారుల్లో స్పష్టంగా కావాలని అడిగినవారికే ఐఎస్‌డీ సదుపాయం ఉంచాలని, మిగతావారికి తీసేయాలని దాని సారాంశం. పన్నెండేళ్లు దాటాక కూడా కథ ముగియలేదు. 2025 జనవరిలో జియో తన వినియోగదారులకు ఈమెయిళ్లు పంపి, తెలియని అంతర్జాతీయ నంబర్ల మిస్డ్ కాల్స్‌కు తిరిగి ఫోన్ చేయొద్దని చెప్పాల్సి వచ్చింది.

2000 దశకం మొదట్లో జపాన్‌లో బాగా వ్యాపించిన ఈ పద్ధతిని టెలికాం రంగంలో అక్కడి మాటతోనే ‘వాంగిరి’ అంటారు. ఇందులో ఓటీపీ అడగరు, లింకు పంపరు, పోలీసులమని బెదిరించరు. బాధితుడే తన ఫోన్ నుంచి, తన వేలితో నంబరు నొక్కుతాడు. డబ్బు కూడా బ్యాంకు ఖాతాలోంచి పోదు, నెలనెలా కట్టే ఫోన్ బిల్లులోంచి పోతుంది. ఆ డబ్బు ఎవరికి చేరుతుందో, ఎందుకు వెనక్కి రావడం కష్టమో తెలియాలంటే ఫోన్ కాల్‌కు లెక్క ఎలా కడతారో కొంచెం చూడాలి.

రింగుకు డబ్బు లేదు, ‘హలో’కే ఉంది

ఫోన్ మోగుతున్నంతసేపూ ఎవరికీ చార్జీ పడదు. అవతలివాళ్లు ఎత్తగానే వాళ్ల వైపు ఎక్స్ఛేంజీ నుంచి ‘ఎత్తారు’ అన్న సంకేతం ఒకటి వెనక్కి వస్తుంది. ఆ క్షణం నుంచే మీటరు తిరుగుతుంది. ఎవరు కాల్ చేశారో వాళ్లే డబ్బు కడతారు. ఈ రెండు నియమాలూ తెలుగువాళ్లకు బాగా వంటబట్టినవే. నిమిషానికి ఇంత అని కట్టే రోజుల్లో ‘బస్ ఎక్కగానే మిస్డ్ కాల్ ఇవ్వు’ అని చెప్పని ఇల్లు లేదు. కాలేజీ పిల్లవాడు మిస్డ్ కాల్ ఇస్తే నాన్న తిరిగి చేసేవాడు. గ్యాస్ బుకింగుకీ, బ్యాంకు బ్యాలెన్సుకీ, పార్టీ సభ్యత్వానికీ మిస్డ్ కాల్ నంబర్లు పుట్టుకొచ్చాయి. మాటకు అర్థం చూస్తే మిస్డ్ కాల్ అంటే అందని కాల్. మన దగ్గర మాత్రం ‘తిరిగి చేయండి’ అని అడగడం.

మోసగాడు వాడుకునేది కూడా సరిగ్గా ఆ రెండు నియమాలనే. కంప్యూటరులో ఒక ప్రోగ్రాం పెట్టి, ఇంటర్నెట్ లైన్ల మీద వేలకు వేలు నంబర్లకు కాల్ చేయిస్తాడు. ఒక్క రింగు రాగానే, ఎవరూ ఎత్తకముందే, ప్రోగ్రాం కాల్‌ను తెంపేస్తుంది. ఎత్తని కాల్‌కు చార్జీ లేదు కాబట్టి ఎన్ని లక్షల ఫోన్లు మోగించినా అతనికి కాల్ ఖర్చు దాదాపు ఉండదు. ఇక తిరిగి చేసే కాల్ బాధితుడిది, బిల్లూ అతనిదే. ఆ బిల్లులో వాటా వచ్చే ఏర్పాటు మోసగాడు ముందే చేసుకుని ఉంటాడు.

ఐదు నిమిషాల కాల్, దాని వెనక ప్రయాణం

ఒక ఉదాహరణ తీసుకుందాం. జగిత్యాలలో ఒక పెద్దాయన. కొడుకు సౌదీలో పని చేస్తున్నాడు. కొడుకు ఇక్కడున్నప్పుడు తీసిచ్చిన పోస్ట్‌పెయిడ్ కనెక్షనే ఆయన వాడుతున్నాడు, ఐఎస్‌డీ తెరిచే ఉంది. ఒకనాటి సాయంత్రం ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. తెరమీద +967తో మొదలయ్యే నంబరు. సౌదీ కోడ్ 966. కళ్లద్దాలు లేకుండా చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కొడుకో, వాడి రూములో ఉండేవాళ్లో వేరే ఫోన్ నుంచి చేశారేమోననుకుని ఆయన మిస్డ్ కాల్ మీద వేలు పెట్టాడు. వేలు పెట్టగానే కాల్ వెళ్లిపోయింది. 967 యెమెన్ దేశపు కోడ్.

అవతల రింగు వినిపిస్తోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆయన ఓపిగ్గా చెవికి ఆనించుకునే ఉన్నాడు. తర్వాత సంగీతం లాంటిదేదో, ఆగమని చెబుతున్నట్టు అర్థంకాని భాషలో ఒక గొంతు. నాలుగు నిమిషాల పది సెకన్లకు విసుగొచ్చి పెట్టేశాడు. పూర్తి నిమిషాల లెక్క ఉన్న ప్లానులో అది ఐదు నిమిషాలు. రేటు నిమిషానికి 100 రూపాయలనుకుంటే 500, దాని మీద 18 శాతం జీఎస్టీతో 590 రూపాయలు. కొడుకు చేశాడో లేదో మాత్రం తెలియలేదు, కాబట్టి ఇంకోసారి చేసే ప్రమాదమూ ఉంది.

ఆయన విన్న రింగు నిజమైన రింగు కాకపోవచ్చు. ఈ మోసంలో తరచూ జరిగేదేమిటంటే, కాల్ చేరీచేరగానే అవతలి యంత్రం ఎత్తేస్తుంది, మీటరు మొదలవుతుంది. ఆ తర్వాత రికార్డు చేసి పెట్టిన రింగు శబ్దాన్ని వినిపిస్తారు. ఇంకా ఎత్తలేదనుకుని మనిషి ఎదురుచూస్తాడు, ఆ ఎదురుచూపు బిల్లులో నిమిషాలై పేరుకుంటుంది. దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది. చాలా ఫోన్లలో ఎత్తారన్న సంకేతం అందాకే తెరమీద 00:01, 00:02 అంటూ సెకన్లు లెక్కపడతాయి. చెవిలో ఇంకా రింగు వినబడుతూనే తెరమీద సెకన్లు పరిగెడుతున్నాయంటే ఆ కాల్‌కు చార్జీ పడుతోందని అర్థం. వెంటనే తెంపేయాలి.

ఇక ఆ 500 రూపాయలు ఎక్కడికి పోయాయి? పెద్దాయన కంపెనీ ఆ కాల్‌ను నేరుగా యెమెన్‌కు చేర్చదు. అంతర్జాతీయ కాల్స్ మోసుకెళ్లే మధ్యవర్తి కంపెనీకి అప్పగిస్తుంది. అది మరోదానికి ఇస్తుంది. ఇలా ఒక్కోసారి మూడు నాలుగు చేతులు మారుతుంది. ప్రతి కంపెనీ తనకు కాల్ ఇచ్చిన కంపెనీ నుంచి డబ్బు తీసుకుని, తన వాటా ఉంచుకుని, మిగతాది ముందుకు పంపుతుంది. చివర్లో ఆ నంబర్ల వరుసను అద్దెకిచ్చే వ్యాపారి ఉంటాడు. ‘ఈ నంబర్లకు కాల్స్ రప్పించండి, నిమిషానికి ఇంత ఇస్తాం’ అన్నది అతని బేరం. ఫోన్లో జోస్యాలు, పోటీలు, సరస సంభాషణలు నడిపేవాళ్ల కోసం పుట్టిన వ్యాపారం ఇది. మోసగాడు అతని దగ్గర నంబర్లు తీసుకుని, వాటినే మిస్డ్ కాల్‌గా లక్షల తెరలమీద వేస్తాడు.

దీని లాభం చిన్న లెక్కతో తేలుతుంది. లక్ష ఫోన్లు మోగించాడనుకుందాం. వందలో ఒక్కరు తిరిగి చేసినా వెయ్యిమంది. తలా రెండు నిమిషాలంటే రెండు వేల నిమిషాలు. నిమిషానికి 100 రూపాయల్లో అతని వాటా 30 అనుకున్నా 60 వేల రూపాయలు. తొంభైతొమ్మిది మంది పట్టించుకోకపోయినా అతనికి నష్టం లేదు. అందుకే ఫలానావాళ్లని చూసుకుని ఈ కాల్స్ రావు. వరుసలో ఉన్న నంబరుకల్లా వస్తాయి.

కాల్ యెమెన్ చేరనే లేదేమో

తెరమీద కనిపించే దేశానికీ మోసానికీ సంబంధం ఉండాలని లేదు. నిజానికి చాలాసార్లు కాల్ ఆ దేశపు పొలిమేర కూడా చేరదు. మధ్యలో ఒక కంపెనీ దాన్ని ఎక్కడో ఉన్న సర్వరు మీదికి మళ్లించి, గమ్యం చేరినట్టే లెక్క రాస్తుంది.

ఇలా జరుగుతుందని కోర్టు సాక్షిగా బయటపడింది 1997లో. అప్పట్లో ఇంటర్నెట్ టెలిఫోన్ లైను మీద మోడెంతో నడిచేది. అశ్లీల చిత్రాలు చూపిస్తామన్న కొన్ని వెబ్‌సైట్లు ఒక ప్రత్యేక ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేసుకోమనేవి. అది కంప్యూటరు మోడెంను గుట్టుచప్పుడు కాకుండా లోకల్ లైను నుంచి విడదీసి, తూర్పు ఐరోపాలోని మాల్డోవా దేశపు నంబరుకు కాల్ చేయించేది. స్పీకరు శబ్దం కూడా ఆపేసేది. వెబ్‌సైటు నుంచి బయటికొచ్చినా కాల్ సాగుతూనే ఉండేది. అమెరికన్ల ఫోన్ బిల్లుల్లో నిమిషానికి రెండు డాలర్ల పైన లెక్కపడింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసి తవ్వితే, మాల్డోవాకని బిల్లు వేసిన ఆ కాల్స్ కెనడాలోనే ఆగిపోయాయని తేలింది. చివరికి 27 లక్షల డాలర్ల పైచిలుకు బాధితులకు తిరిగి ఇప్పించారు. మోడెంలు పోయాయి. బాధితుడి చేతే ఖరీదైన దేశానికి కాల్ చేయించి, వచ్చే డబ్బును పంచుకునే పద్ధతి మాత్రం మిగిలింది.

దూరపు చిన్న దేశాల కోడ్‌లే ఎక్కువగా కనిపించడానికీ కారణం డబ్బే. తమ దేశంలోకి వచ్చే కాల్‌ను అందుకోవడానికి ఎంత వసూలు చేయాలన్నది ఆ దేశపు టెలికాం సంస్థలు నిర్ణయించుకుంటాయి. జనాభా తక్కువ, పోటీ తక్కువ ఉన్న చోట ఆ రేటు ఎక్కువ. రేటు ఎక్కువైతే పంచుకోవడానికి మిగిలేదీ ఎక్కువ. పసిఫిక్ మహాసముద్రంలోని తువాలు దేశం 1990లలో తన 688 కోడ్ కింద ఇలాంటి సరస సంభాషణల ఫోన్ లైన్లకు నంబర్లిచ్చి ఆదాయం పొందింది. కాబట్టి మారిటేనియా, సియెరా లియోన్, కొమొరోస్, క్యూబా, పాపువా న్యూగినీ వంటి పేర్లు హెచ్చరికల్లో పదేపదే కనిపిస్తే అక్కడి జనం మోసగాళ్లని కాదు. అక్కడి కోడ్‌లకు కాల్ రేటు ఎక్కువని.

ప్లస్ గుర్తు పక్కన ఏముంది?

మన దేశపు నంబరు తెరమీద +91తో గాని, సున్నాతో గాని, నేరుగా పదంకెలతో గాని కనిపిస్తుంది. ప్లస్ గుర్తు ఉండి, దాని పక్కన 91 కాక మరేదున్నా అది విదేశీ నంబరే. వినడానికి ఇది చాలా తేలిక. కానీ ఎస్టీడీ కోడ్‌లకు అలవాటుపడిన కళ్లు ఇక్కడే పొరబడతాయి. హైదరాబాద్ కోడ్ 040. అదే +40 అని ఉంటే రుమేనియా. చెన్నై 044, +44 అయితే బ్రిటన్. వరంగల్ కోడ్ 0870. +870 మాత్రం ఏ దేశానిదీ కాదు, సముద్రంలో ఓడలు వాడే ఇన్మార్‌శాట్ ఉపగ్రహ ఫోన్లది. దానికి కాల్ చేస్తే నిమిషానికి వందల రూపాయలవుతుంది. వరంగల్ ల్యాండ్‌లైను నుంచి ఫోన్ వస్తే 0870 అనో, +91 870 అనో కనబడాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ చిక్కు ఇంకోరకంగా ఉంది. అమెరికా, కెనడాలతో పాటు కరీబియన్ దీవులు చాలావరకు +1 కోడ్‌నే పంచుకుంటాయి. 876 జమైకా, 809 డొమినికన్ రిపబ్లిక్, 473 గ్రెనడా, 284 బ్రిటిష్ వర్జిన్ దీవులు. చూడ్డానికి అచ్చం డాలస్ నంబరులాగో న్యూజెర్సీ నంబరులాగో పదంకెలే ఉంటాయి, ముందు విదేశీ కోడ్ ఏమీ ఉండదు. చార్జీ మాత్రం అంతర్జాతీయ కాల్‌దే. ఈ ఒక్క రింగు మోసాల మీద చర్య తీసుకోవాలని అమెరికా కాంగ్రెస్ 2019 డిసెంబరులో చేసిన చట్టంలోనే రాసింది. ఆ మరుసటి సంవత్సరం, ఇలాంటివని బలంగా అనుమానం ఉన్న కాల్స్‌ను వినియోగదారుకు చేరకముందే ఆపేసే వీలును ఎఫ్‌సీసీ అక్కడి కంపెనీలకు కల్పించింది.

మన దేశంలోనూ ఒక అడ్డుకట్ట ఉంది, కానీ దాని పని వేరు. విదేశం నుంచి చేస్తూ మన దేశపు నంబరు ముసుగు వేసుకొచ్చే కాల్స్‌ను పట్టే వ్యవస్థను టెలికాం శాఖ 2024 అక్టోబరులో ప్రారంభించింది. మొదటి 24 గంటల్లోనే అలాంటివి కోటీ 35 లక్షల కాల్స్ దొరికాయని ప్రకటించింది. ఒక్క రింగు మోసగాడికి ఆ ముసుగు అక్కర్లేదు. విదేశీ నంబరు ఉన్నదున్నట్టు కనిపించి, దానికే జనం తిరిగి చేయాలన్నది అతని కోరిక. కాబట్టి ఆ జల్లెడ పెట్టాక కూడా తెరమీద ప్లస్ గుర్తు చూసుకోవడం తప్పదు.

ఎవరికి ప్రమాదం ఎక్కువ, ఎవరికి తక్కువ

మన దగ్గర ఎక్కువమంది వాడేది ప్రీపెయిడ్. నెలకోసారి వేసుకునే అన్‌లిమిటెడ్ ప్యాక్‌లో విదేశీ కాల్స్ ఉండవు. వాటి చార్జీ మెయిన్ బ్యాలెన్స్ నుంచి కోస్తారు, అందులో చాలామందికి రూపాయో రెండో కూడా ఉండదు. పైగా ఐఎస్‌డీ తెరవకపోతే కాల్ వెళ్లదు. అలాంటివారు పొరపాటున తిరిగి చేసినా ‘ఈ సదుపాయం మీకు లేదు’ అన్న మాట విని ఊరుకుంటారు.

బిల్లు పేలేది మరికొందరికి. పోస్ట్‌పెయిడ్ వాడుతూ ఐఎస్‌డీ తెరిచి ఉంచుకున్నవారు, ఆఫీసు ఇచ్చిన సిమ్ వాడేవారు, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లల కోసం మెయిన్ బ్యాలెన్స్ ఎక్కువ వేసుకునేవారు. ఐఎస్‌డీ ప్యాక్ ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఆ ప్యాక్ అందులో రాసిన దేశాలకే వర్తిస్తుంది. ఉపగ్రహ ఫోన్లు, ప్రీమియం నంబర్లు సాధారణంగా దాని కిందికి రావు. విదేశీ ప్రయాణంలో రోమింగులో ఉన్నవారికి మూడో దేశానికి చేసే కాల్ ఇంకా ఖరీదు. హోటళ్లు, ట్రావెల్ ఏజెన్సీలు, ఆసుపత్రుల వాళ్లకు మరో రూపం ఎదురవుతుంది. వెబ్‌సైటులో ‘మీ నంబరు ఇవ్వండి, మేమే ఫోన్ చేస్తాం’ అన్న ఫారం ఉంటే, అందులో ప్రోగ్రాంలతో ఈ ఖరీదైన నంబర్లు నింపుతారు. సిబ్బంది వరసపెట్టి తిరిగి చేస్తారు. ఆ ఫారంలో +91 తప్ప మరో కోడ్ తీసుకోకుండా పెట్టుకుంటే, లేదా విదేశీ నంబర్లకు ముందు ఈమెయిల్‌లో జవాబిస్తే ఇది ఆగుతుంది.

వాట్సాప్‌లో వచ్చే విదేశీ మిస్డ్ కాల్స్‌ను దీనితో కలపకూడదు. 2023 మే నెలలో వియత్నాం +84, ఇండోనేసియా +62, ఇథియోపియా +251, కెన్యా +254 కోడ్‌ల నుంచి మన దేశంలో వాట్సాప్ కాల్స్ వెల్లువెత్తాయి. వాట్సాప్ కాల్ ఇంటర్నెట్ మీద నడుస్తుంది, తిరిగి చేస్తే డేటా తప్ప నిమిషాల చార్జీ ఉండదు. అక్కడ ఎర వేరు. ఇంట్లో కూర్చుని సంపాదించమంటూ పార్ట్‌టైం ఉద్యోగం ఆశ చూపి, తర్వాత డబ్బు కట్టించుకోవడం. ఆ గొడవ తర్వాత జూన్‌లో వాట్సాప్ తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే సదుపాయం తెచ్చింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్ దగ్గర దాన్ని పెట్టుకోవచ్చు.

భయపడక్కర్లేని సంగతి కూడా ఒకటుంది. ‘+375, +371 నంబర్లకు తిరిగి చేస్తే మూడు సెకన్లలో మీ కాంటాక్టులు, బ్యాంకు వివరాలు లాగేస్తారు’ అనీ, ‘#90 నొక్కితే సిమ్ నకలు తీస్తారు’ అనీ కుటుంబ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతున్న మెసేజ్ ఉంది. అవి బెలారస్, లాట్వియా దేశాల కోడ్‌లన్నది నిజం. అక్కడి నంబర్లతో ఒక్క రింగు కాల్స్ వస్తాయన్నదీ నిజం. కానీ మామూలు వాయిస్ కాల్ ద్వారా ఫోన్లోని కాంటాక్టులు గాని, బ్యాంకు వివరాలు గాని బయటికి పోవు. వచ్చిన కాల్‌ను ఎత్తినంత మాత్రాన మన దేశంలో ఉన్నవారికి చార్జీ కూడా పడదు. మనం తిరిగి చేస్తేనే పడుతుంది. రోమింగులో ఉంటే మాత్రం ఎత్తినా చార్జీ ఉండొచ్చు.

మోగి ఆగినప్పుడు

అన్నిటికన్నా మేలైన పని, ఏమీ చేయకపోవడం. నిజంగా అవసరమున్న మనిషి మళ్లీ చేస్తాడు, లేదా మెసేజ్ పెడతాడు. మిస్డ్ కాల్ సమాచారం మీద వేలు పెడితే చాలా ఫోన్లలో కాల్ వెళ్లిపోతుంది కాబట్టి, దాన్ని పక్కకు తోసేసి, కాల్ జాబితాలో నంబరు ఏ దేశానిదో చూడటం మంచిది. అనుమానం తీరకపోతే ప్లస్ తర్వాతి అంకెలను గూగుల్‌లో వెతికితే దేశం పేరు తెలుస్తుంది. ‘మీవాళ్లకు ప్రమాదం జరిగింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’, ‘మీ పార్శిల్ ఆగింది’ లాంటి ఎస్ఎంఎస్‌లు వెంట వచ్చినా జాగ్రత్త అదే.

బయటి దేశంలో పిల్లలున్న ఇళ్లలో ‘ఏమీ చేయకండి’ అంటే సరిపోదు. గుండె ఊరుకోదు. అక్కడ పాటించాల్సింది ఒక్కటే. వచ్చిన నంబరుకు కాక, ఫోన్లో పేరుతో దాచుకున్న నంబరుకే చేయాలి, అదీ వాట్సాప్‌లో అయితే ఖర్చు ఉండదు. కొడుకు ఎత్తకపోతే అతని రూమ్మేట్ నంబరో, అదే ఊళ్లో ఉన్న మనవాళ్ల నంబరో ముందుగానే రాసి పెట్టుకోవాలి. గల్ఫ్ కోడ్‌లు ఆరు: సౌదీ 966, యూఏఈ 971, కువైట్ 965, ఖతార్ 974, ఒమన్ 968, బహ్రెయిన్ 973. వీటిలో మనవాళ్లున్న దేశం కోడ్‌ను పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించి ఉంటే జగిత్యాల పెద్దాయన 967ను గుర్తుపట్టి ఉండేవాడు. అసలు పిల్లలే వాట్సాప్‌లో చేస్తున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల సిమ్‌కు ఐఎస్‌డీ ఎందుకు? కంపెనీ యాప్‌లో గాని, కస్టమర్ కేర్‌కు చెప్పి గాని దాన్ని మూయించవచ్చు. మూయించినా బయటి దేశాల నుంచి వచ్చే కాల్స్ మామూలుగానే వస్తాయి.

నంబరును బ్లాక్ చేయవచ్చు, నష్టమేమీ లేదు. కాకపోతే మోసగాడి దగ్గర వరసలకు వరసలు నంబర్లుంటాయి, రేపు వేరే అంకెతో వస్తాడు. దానికన్నా ఉపయోగం టెలికాం శాఖ వారి sancharsaathi.gov.in లోగాని, సంచార్ సాథీ యాప్‌లోగాని ‘చక్షు’ విభాగంలో ఫిర్యాదు చేయడం. 2024 మార్చిలో మొదలైన ఈ ఏర్పాటులో గడిచిన 30 రోజుల్లో వచ్చిన అనుమానాస్పద కాల్స్, మెసేజ్‌ల గురించి చెప్పొచ్చు. వచ్చిన తేదీ, సమయం, నంబరు అడుగుతారు, కాబట్టి కాల్ జాబితాను చెరిపేయకూడదు.

అప్పటికే తిరిగి చేసేసి ఉంటే

ముందుగా చూడాల్సింది ఎంత పోయిందన్నది. ప్రీపెయిడ్ అయితే యాప్‌లో మెయిన్ బ్యాలెన్స్, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు కాని వాడకం వివరాలు కనబడతాయి. కాల్ చేసిన సమయం, ఎంతసేపు సాగిందీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. అదే రోజు కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి రెండు పనులు చేయించాలి. ఒకటి, ఐఎస్‌డీ వెంటనే మూయించడం. రెండు, ఆ చార్జీ మీద ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు తీసుకోవడం. బిల్లు వచ్చాక, నెల తర్వాత చెప్పేకన్నా ఆ రోజే చెప్పడంలో లాభముంది. కంపెనీలు తమలో తాము లెక్కలు తేల్చుకుని డబ్బు పంపేది కొంత వ్యవధి తర్వాతే. ఒకే నంబరు వరుస మీద చాలా ఫిర్యాదులు తొందరగా వస్తే, ఆ నంబర్లకు కాల్స్ వెళ్లకుండా ఆపడానికీ, చెల్లింపుల మీద అభ్యంతరం చెప్పడానికీ కంపెనీకి ఆధారం దొరుకుతుంది.

డబ్బు తప్పకుండా తిరిగొస్తుందని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు. కంపెనీ దృష్టిలో ఆ కాల్ వినియోగదారుడే చేశాడు, అవతల ఎవరో ఎత్తారు, తాను మధ్యవర్తికి డబ్బు కట్టాలి. సౌహార్దంగా కొంత తగ్గించిన సందర్భాలుంటాయి, తగ్గించకపోవడమూ ఉంటుంది. జవాబు సంతృప్తిగా లేకపోతే ప్రతి కంపెనీలోనూ అప్పీలు వినే అధికారి ఉంటాడు. ఫిర్యాదు తేలిన 30 రోజుల్లోగా, అదే డాకెట్ నంబరుతో, రుసుమేమీ లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. ఆ కాల్‌లో ఎవరైనా మాట్లాడి బ్యాంకు వివరాలు అడిగి తీసుకున్నా, డబ్బు పంపించుకున్నా అది ఫోన్ బిల్లు వివాదం కాదు, సైబర్ నేరం. అప్పుడు 198 కన్నా ముందు 1930కి ఫోన్ చేయాలి.